కొనేముందు ఒక చీటీ

(హైదరాబాద్‌లో ఒక పాఠకుల సమావేశంలో, డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన ఒకావిడ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. నన్ను మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు ఒక ప్రశ్న అడిగారు. "అమ్మా, నెలకి ఐదారు వందలకి మించి పుస్తకాలకి పెట్టలేనివాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. ఎలా చదవాలి?" అన్నారు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసినన్నాళ్ళూ విద్యార్థులకి చెప్పింది ఒకటే. డబ్బు లేకపోవడం కంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. పుస్తకం ఊళ్ళోనే, ఒక్కోసారి మీ ఫోన్‌లోనే ఉంటుంది, కానీ దాన్ని అక్కడ ఏ పేరుతో రాసిపెట్టారో మీకు తెలియదు. తెలుగు పుస్తకాలకి ఇది మరీ ఎక్కువ. అందుకే ఈరోజు ఎక్కువసేపు వెతకడం గురించే మాట్లాడతాను.

మా చెల్లెలి కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదువుతోంది. మొన్న జూన్‌లో నాలుగు పుస్తకాల పేర్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "పెద్దమ్మా, ఇవి కొనాలంటే రెండు వేలు దాటేలా ఉంది. నా దగ్గర ఆరు వందలే ఉన్నాయి" అంది. ఒకటి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ఆత్మకథ "అనుభవాలూ జ్ఞాపకాలూనూ". రెండోది డెబ్బైల్లో వచ్చి మళ్ళీ అచ్చు కాని ఒక తెలుగు నవల. మూడోది తొంభైల్లో వచ్చిన ఒక ఇంగ్లీషు చరిత్ర పుస్తకం. నాలుగోది మాస్కో నుంచి వచ్చిన ఒక రష్యన్ నవలకి తెలుగు అనువాదం. వీటిని ఎలా వెతికామో వరసగా చెబుతాను.

ముందు నాలుగు చీటీలు తీశాం. ఒక్కో పుస్తకానికి ఒక్కో చీటీ. పైన తెలుగులో పుస్తకం పేరు. దాని కింద ఆ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ. ఆ తరవాత రచయిత ఇంటిపేరు, అసలు పేరు, కలం పేరు. తెలిస్తే ప్రచురణకర్త, సంవత్సరం, పుటల సంఖ్య. ఈ చీటీ రాయడానికి పది నిమిషాలు పడుతుంది. మిగతా పనంతా దీనిమీదే నడుస్తుంది.

ఎందుకంటే, శ్రీపాదవారి పుస్తకంలో "జ్ఞాపకాలు" అనే మాటే తీసుకోండి. ఒకరు jnapakalu అని రాస్తారు. ఒకరు gnapakalu అంటారు. ఇంకొకరు దీర్ఘాలు చూపించాలని jnaapakaalu, gnaapakaalu అని రాస్తారు. రచయిత ఇంటిపేరు Sripada, Sreepada. పేరు చివర Sastri, Sastry, Sasthri. ఒక కేటలాగులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది. మీరు ఒక్క రకంగా టైప్ చేసి, ఏమీ రాకపోతే "ఇక్కడ లేదు" అనుకుంటారు. లేనిది పుస్తకం కాదు, ఆ స్పెల్లింగ్.

తెలుగు లిపిలో వెతికితే ఈ బాధ ఉండదనుకుంటాం. కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. మనలో "కథ"ని "కధ" అని, "గ్రంథం"ని "గ్రంధం" అని రాసేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. కేటలాగు టైప్ చేసేవాళ్ళూ మనలాంటివాళ్ళే. కాబట్టి థ, ధ రెండూ వేసి చూడాలి. పాత రికార్డులు కొన్ని యూనికోడ్ రాకముందు ఫాంట్లలో టైప్ చేసినవి. అవి తెరమీద చదవడానికి తెలుగులా కనిపించినా, వెతికితే దొరకవు. అలాంటిచోట ఇంగ్లీషు అక్షరాలే దిక్కు.

కలం పేర్ల సంగతి కూడా చీటీలో రాయమన్నాను కదా. శ్రీశ్రీ అని వెతికితే కొన్ని పుస్తకాలు వస్తాయి, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికితే ఇంకొన్ని వస్తాయి. చలం, గుడిపాటి వెంకటచలం కూడా అంతే. మంచి కేటలాగులో రెండింటినీ కలిపి ఒకే పేరు కిందకి తెస్తారు. మన దగ్గర చాలా చోట్ల ఆ పని జరగలేదు. కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి.

సరే, చీటీ రాశాం. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? ముందు ప్రభుత్వ గ్రంథాలయానికి. కారణం చెబుతాను. మన పౌర గ్రంథాలయాలు 1960 నాటి చట్టం మీద నడుస్తున్నాయి. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటినుంచి 80 రూపాయలు వెళ్తున్నట్టు. అద్దెకుండేవాళ్ళు కూడా అద్దె రూపంలో అది కడుతున్నట్టే. ఆ డబ్బుతో కొన్న పుస్తకాన్ని అడిగి తీసుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో మొదలైన పాత ఆసఫియా లైబ్రరీ అదే. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడ పోటీపరీక్షలవాళ్ళు నిండి ఉంటారు కాబట్టి, సాహిత్యం కోసం వెళ్ళినవాళ్ళు కూర్చోవడానికి చోటు లేక వెనక్కి వచ్చేస్తుంటారు. మీకు కుర్చీ అక్కరలేదు, పుస్తకాలు ఇంటికిచ్చే విభాగం కావాలి. అక్కడికి నేరుగా వెళ్ళండి. సుల్తాన్‌బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. పాత తెలుగు పుస్తకాలకి అది గొప్ప చోటు. ఆంధ్రలో ఉన్నవాళ్ళకి రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉన్నాయి. పాత పత్రికల కోసం, అచ్చులో లేని పుస్తకాల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో వేటపాలెం వస్తుంటారు.

సభ్యత్వానికి దరఖాస్తు, ఆధార్ లాంటి గుర్తింపు కాగితం, కొంత డిపాజిట్ అడుగుతారు. కొన్నిచోట్ల గెజిటెడ్ అధికారి సంతకం కూడా కావాలంటారు. చాలామంది ఆ సంతకం దగ్గరే ఆగిపోతారు. మీకు చదువు చెప్పిన ప్రభుత్వ కాలేజీ లెక్చరర్‌ని అడగండి, పెడతారు. డిపాజిట్ రశీదు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. సభ్యత్వం వదులుకునేటప్పుడు డబ్బు తిరిగి ఇవ్వాలంటే అదే అడుగుతారు.

లోపలికి వెళ్ళాక కంప్యూటర్ కేటలాగు ఉంటే సరే. లేకపోతే కార్డులు ఉన్న సొరుగులు, అవీ లేకపోతే పుస్తకాలు వచ్చిన వరసలో రాసే పెద్ద రిజిస్టరు ఉంటుంది. రిజిస్టరులో పేరుతో వెతకడం కుదరదు. అప్పుడు నేరుగా బీరువాలకే వెళ్ళాలి. విషయాన్నిబట్టి పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీలో తెలుగు సాహిత్యానికి నంబరు 894.827. దాని పక్కన 1 ఉంటే కవిత్వం, 2 ఉంటే నాటకం, 3 ఉంటే కథలూ నవలలూ, 4 ఉంటే వ్యాసాలు. అంటే నవల కావాలంటే 894.8273 దగ్గర నిలబడాలి. పుస్తకం వెన్నుమీద ఆ నంబరు కింద రచయిత పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు ఉంటాయి. ఆత్మకథలు మాత్రం చాలా లైబ్రరీల్లో సాహిత్యంలో ఉండవు, 920 దగ్గర జీవితచరిత్రల్లో ఉంటాయి. శ్రీపాదవారి పుస్తకం కోసం మా అమ్మాయి నవలల బీరువా దగ్గర అరగంట వెతికింది. అది జీవితచరిత్రల వరసలో ఉంది.

కంప్యూటర్ కేటలాగు ఉన్నచోట ఇంకో మాట. పుస్తకం ఎదురుగా Available అని కనిపించినా బీరువాలో లేకపోవచ్చు. చాలాసార్లు అది పోయి ఉండదు, ఎవరో చదివి వేరే వరసలో పెట్టేసి ఉంటారు. పైవరసా కిందివరసా, రెండు పక్కలా ఒక చేతి దూరం వెతకండి. బైండింగుకి వెళ్ళిన పుస్తకాల కట్ట ఎక్కడుందో అడగండి. మూడు సార్లు వెళ్ళినా కనబడకపోతే అప్పుడు అది లేనట్టు చీటీమీద రాసుకోండి.

మా అమ్మాయి రెండో పుస్తకం, అచ్చులో లేని ఆ నవల, రెండు లైబ్రరీల్లో దొరకలేదు. అప్పుడు ఉమ్మడి కేటలాగు చూశాం. మన దేశంలో చాలా యూనివర్సిటీ లైబ్రరీల పుస్తకాలని ఒకచోట వెతకడానికి ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థవాళ్ళ ఇండ్‌క్యాట్ ఉంది. చిరునామా indcat.inflibnet.ac.in. అది మీకు పుస్తకం ఇవ్వదు. ఏ యూనివర్సిటీలో ఉందో చెబుతుంది. చెప్పింది కూడా. అది మా అమ్మాయి చదువుతున్న యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉంది! సొంత లైబ్రరీ కేటలాగులో తను వెతికినప్పుడు రాకపోవడానికి కారణం, రచయిత్రి పేరులో ఒక h తక్కువగా రాసి ఉండడం. అదే రోజు వెళ్ళి తెచ్చుకుంది. ఖర్చు సున్నా.

విద్యార్థి కానివాళ్ళు అడగవచ్చు, మాకు యూనివర్సిటీలో ఎవరిస్తారని. ఇంటికి ఇవ్వకపోవచ్చు. కానీ ఒక చిన్న అభ్యర్థన రాసి, కావలసిన పుస్తకం నంబరు కూడా అందులో వేసి ఇస్తే, అక్కడే కూర్చుని చదువుకోవడానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు. "మీ లైబ్రరీ చూస్తాను" అన్నవాళ్ళకీ, "ఫలానా నంబరు పుస్తకం చూడాలి" అన్నవాళ్ళకీ వచ్చే జవాబులో తేడా ఉంటుంది. కౌంటర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నాను, ఆ తేడా నాకు తెలుసు.

ఇప్పుడు ఫోన్ సంగతి. తెలుగు పాత పుస్తకాలకి మనకి దొరికిన పెద్ద నిధి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కానులు. ఆ సైటు ఆగిపోయింది గానీ, వేల పుస్తకాల స్కానులు archive.org లోకి చేరాయి. వాటి చిరునామాల్లో in.ernet.dli అని ఉంటుంది, చూడగానే గుర్తుపట్టవచ్చు. వాటికి పేర్లు టైప్ చేసినవాళ్ళు చాలాచోట్ల దీర్ఘానికి రెండు అక్షరాలు వాడే పద్ధతి పాటించారు. aa, ii, uu అని. మనం సాధారణంగా అలా టైప్ చెయ్యం. అందుకే మామూలుగా వెతికితే చాలా పుస్తకాలు బయటికి రావు. ఇలా వెతకండి:

```
title:(jnapak* OR gnapak* OR jnaapak* OR gnaapak*)
AND language:(tel OR telugu)
```

నక్షత్రం గుర్తు పెడితే మాట చివర ఏమున్నా పట్టుకుంటుంది. "జ్ఞాపకాలు", "జ్ఞాపకాలూనూ" రెండూ వస్తాయి. చీటీమీద స్పెల్లింగులన్నీ ఎందుకు రాయమన్నానో ఇప్పుడు తెలుస్తుంది, అవన్నీ ఒకే వరసలో వేసి ఒక్కసారే అడగవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగులతో విసిగిపోయినవాళ్ళకి తెలుగు వికీపీడియా స్వచ్ఛంద రచయితలు ఈ స్కానుల జాబితాని తెలుగు లిపిలో తయారుచేసి పెట్టారు. ఓపికగా వేల పేర్లు టైప్ చేసిన ఆ మనుషులకి నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను. జాగ్రత్తగా పరిష్కరించిన పాఠం కావాలంటే తెలుగు వికీసోర్స్ కూడా చూడండి.

స్కాను దొరికిన వెంటనే దిగుమతి చేసుకుని సంతోషపడకండి. మూడు చోట్ల చూడండి. పేరుపుట తెరిచి అది నిజంగా ఆ పుస్తకమేనా అని చూడండి, ఎందుకంటే ఒక పేరు కింద ఇంకో పుస్తకం ఉండడం నేను చాలాసార్లు చూశాను. తరవాత చివరి పుట నంబరు చూసి, చీటీమీద ఉన్న పుటల సంఖ్యతో పోల్చండి. ఆ తరవాత మధ్యలో ఎక్కడైనా పది పుటలు తిప్పండి. రెండు పుటలు ఒకేసారి తిరిగిపోయిన స్కానులు ఉంటాయి, అంచులు తెగినవి ఉంటాయి. రెండు వందల పుటలు చదివాక ఇది తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

కాపీరైటు మాట కూడా చెప్పాలి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలుకుని 60 ఏళ్ళు హక్కులుంటాయి. శ్రీపాదవారు 1961లో పోయారు. కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద హక్కు 2021 డిసెంబరుతో ముగిసింది. చలంగారు 1979లో పోయారు కాబట్టి ఆయన రచనల హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. ఇంటర్నెట్‌లో స్కాను కనిపించినంత మాత్రాన హక్కు పోయినట్టు కాదు. బతికున్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు గ్రూపుల్లో పంచుకుంటుంటారు. తెలుగులో చాలా పుస్తకాలు ఐదు వందలో వెయ్యో ప్రతులు వేస్తారు, వాటిలో ఎక్కువ రచయితల సొంత డబ్బే. డబ్బు లేనప్పుడు లైబ్రరీలో చదవండి, స్నేహితుల దగ్గర తీసుకోండి. ఆ పీడీఎఫ్ మాత్రం వద్దు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను.

మూడో పుస్తకం, తొంభైల నాటి ఇంగ్లీషు చరిత్ర. ఇక్కడ archive.org ని అరువిచ్చే లైబ్రరీలాగా వాడాం. ఉచితంగా ఖాతా తెరిస్తే కొన్ని పుస్తకాల మీద Borrow అనే బటన్ కనిపిస్తుంది. కొన్నిటిని గంటకే ఇస్తారు, కొన్నిటిని 14 రోజులకి. గంట చాలదని వదిలేస్తారు చాలామంది. గంట పూర్తయ్యాక, ఎవరూ లైన్లో లేకపోతే మళ్ళీ తీసుకోవచ్చు. ఆ పుస్తకం లోపల మాట వెతికే సౌకర్యం ఉంటుంది. మా అమ్మాయికి నిజంగా కావలసింది హైదరాబాద్ సంస్థానం మీద ఉన్న రెండు అధ్యాయాలు. పుస్తకంలో Nizam అని వెతికి, ఏ పుటల్లో ఉందో రాసుకుని, నాలుగు సాయంత్రాలు గంట చొప్పున కూర్చుని నోట్సు రాసుకుంది. తెలుగు స్కానుల్లో మాత్రం ఈ వెతుకులాటని నమ్మకండి, మన అక్షరాలని యంత్రం తప్పుగా చదివిన చోట్లు చాలా ఉంటాయి.

కిందటేడు కనిపించిన పుస్తకం ఈ ఏడు కనబడకపోవచ్చు. దానికి కారణం ఉంది. అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలు ఆ సైటు మీద 2020లో దావా వేశాయి. 2023 మార్చిలో తీర్పు ప్రచురణకర్తల పక్షాన వచ్చింది, 2024 సెప్టెంబరులో పై కోర్టూ దాన్నే ఖాయం చేసింది. ఐదు లక్షలకు పైగా పుస్తకాలని అరువునుంచి తీసేయాల్సి వచ్చింది. అందుకే అక్కడ దొరికిన పుస్తకాన్ని "తరవాత చూద్దాం" అని వాయిదా వెయ్యొద్దంటాను.

ఇక లైబ్రరీల ఈ-పుస్తకాలని ఫోన్‌లో అరువు తీసుకునే లిబ్బీ లాంటి యాప్‌ల గురించి మీలో కొందరు ముందే చీటీలు పంపారు. లిబ్బీ దానంతటదే పుస్తకాలు ఇవ్వదు. ఆ యాప్‌లో చేరిన లైబ్రరీ కార్డు మీ దగ్గర ఉండాలి. మన జిల్లా గ్రంథాలయాల కార్డుతో అది తెరుచుకోదు. కాబట్టి ఇక్కడున్నవాళ్ళు దానికోసం టెన్షన్ పడి టైమ్ వృథా చేసుకోవద్దు. బ్రిటిష్ కౌన్సిల్ డిజిటల్ లైబ్రరీ లాంటివి చందా తీసుకుంటాయి. కట్టేముందు మీ చీటీల్లోంచి ఓ పది పేర్లు తీసి, అవి అక్కడ ఉన్నాయేమో చూడండి. వాటిలో కనీసం నాలుగు కూడా దొరకకపోతే ఆ డబ్బు దాచుకోండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం కేంద్రప్రభుత్వం, నేషనల్ బుక్ ట్రస్టు కలిసి తెచ్చిన రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ ఉచితం, అందులో తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ సంగతి వేరు. మా కోడలు అమెరికాలో ఉంటుంది. తన ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీలో చదువుతుంది. ఈ-పుస్తకమే కదా, ఎంతమందికైనా ఒకేసారి ఇవ్వొచ్చు కదా, లైను ఎందుకు అని నేను అడిగాను. లైబ్రరీ దాన్ని కొనుక్కోదు, ప్రచురణకర్త దగ్గర అనుమతి కొనుక్కుంటుంది. చాలావరకు ఒక అనుమతికి ఒకసారి ఒక్కరే. హార్పర్‌కాలిన్స్ సంస్థ 2011లో, 26 సార్లు అరువిచ్చాక ఆ అనుమతి చెల్లిపోయేలా నియమం పెట్టింది. రెండేళ్ళకి చెల్లిపోయే రకం కూడా ఉంది. చదవకుండా ఫోన్‌లో పెట్టుకున్న పుస్తకం వల్ల ఇంకొకరి వంతు, లైబ్రరీ డబ్బు రెండూ పోతాయి. వంతు వచ్చినప్పుడు మీకు తీరిక లేకపోతే Deliver Later అనే బటన్ నొక్కండి. తరవాతి మనిషికి పుస్తకం వెళ్తుంది, లైన్లో మీ చోటు పోదు.

మా కోడలికి ఇంకా పెద్ద లాభం వేరేచోట దొరికింది. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీవాళ్ళు అరవైల నుంచి మన భాషల పుస్తకాలని సేకరించారు. అలా చికాగో, విస్కాన్సిన్ లాంటి యూనివర్సిటీల్లో తెలుగు పుస్తకాలు చేరాయి. ఊరి లైబ్రరీలో అడిగితే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించి ఇచ్చే పద్ధతి అక్కడ ఉంది. ఏది ఎక్కడుందో search.worldcat.org లో వెతకాలి. కానీ అక్కడ మన స్పెల్లింగ్ పనిచెయ్యదు. వాళ్ళ పద్ధతిలో "చ"కి c మాత్రమే రాస్తారు, ch అంటే "ఛ". కాబట్టి "చరిత్ర" charitra కాదు, caritra. తను రెండేళ్ళు charitra అని వెతికి "ఇక్కడ తెలుగు పుస్తకాలు లేవు అత్తయ్యా" అంటూ ఉండేది. ఫోన్‌లో ఈ ఒక్క h తీయించాను. ఆ సాయంత్రం పదిహేను పుస్తకాల జాబితా పంపింది.

ఇక నాలుగో పుస్తకం, మాస్కో అనువాదం. లైబ్రరీల్లో చిరిగిపోయింది, స్కాను సగమే ఉంది. కాబట్టి పాతపుస్తకాల బజారు. ఇక్కడ ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉన్న పేవ్‌మెంట్ల మీద పరుస్తారు. మిగతా రోజుల్లో కోఠీ ఉంది. విజయవాడవాళ్ళకి లెనిన్ సెంటర్ ఉంది. అక్కడికి చీటీతో వెళ్ళాలి, కానీ దాన్ని చేతిలో పట్టుకుని అడగకూడదు. ఒక ఫలానా పుస్తకం కావాలని అడిగితే ధర పెరుగుతుంది. వాళ్ళది బతుకుతెరువు, అందులో తప్పేమీ లేదు. మీరు ఒక నాలుగైదు ఎంచుకుని కలిపి ఎంత అని అడగండి.

బయలుదేరేముందు ఒక్క పని చెయ్యండి. ఆ పుస్తకం మళ్ళీ అచ్చయిందేమో ప్రచురణకర్తలని ఫోన్ చేసి కనుక్కోండి. మాస్కో పుస్తకాల మీద మనకి మమకారం ఎక్కువ కాబట్టి, పాత ప్రతికి అడిగే ధర కొన్నిసార్లు కొత్త ముద్రణ కంటే ఎక్కువుంటుంది. చదవడానికైతే కొత్తదే చవక.

పుస్తకం చేతిలోకి తీసుకున్నాక అట్ట చూసి మోసపోకండి. చాలా పుస్తకాలు 16 పుటల ఫారాలుగా అచ్చయి కుడతారు. కాబట్టి పోతే ఒక ఫారం మొత్తం పోతుంది. 16, 32, 48, 64, 80, ఈ పుటల తరవాత ఏ నంబరు వస్తోందో చూడండి. 64 తరవాత 81 వస్తే ఒక ఫారం లేదు. కొన్నిట్లో ఒకే ఫారం రెండుసార్లు కుట్టి, దాని తరవాతది వదిలేస్తారు. అప్పుడు పుస్తకం లావు మామూలుగానే ఉంటుంది, చూసి కనిపెట్టలేరు. నంబర్లే చూడాలి. రెండు నిమిషాల పని.

తరవాత పేరుపుట వెనకవైపు చూడండి. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎన్ని ప్రతులు అని మన తెలుగు పుస్తకాల్లో వేస్తారు. "సంక్షిప్తం" అనే మాట చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. లైబ్రరీ ముద్ర ఉంటే, దానిమీద రద్దు చేసినట్టు ఇంకో ముద్ర ఉందో లేదో చూడండి. రద్దు ముద్ర లేకపోతే అది ఏదో లైబ్రరీలో తిరిగివ్వని పుస్తకం కావచ్చు. నేను అలాంటివి కొనను. ఒకసారి మా కాలేజీ ముద్రే ఉన్న పుస్తకం పేవ్‌మెంట్ మీద కనిపించింది. కొని, తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశాను, కానీ ఆ రోజంతా మనసు బాగోలేదు. ఇంగ్లీషు బెస్ట్ సెల్లర్లు కొత్తగా కవరు వేసి వంద, నూట యాభైకి ఇస్తుంటే అవి దొంగ ముద్రణలు. అక్షరాలు మసకగా ఉంటాయి, అంచులు వంకరగా తెగి ఉంటాయి.

ఇంటికి తెచ్చిన పాత పుస్తకాన్ని వెంటనే మిగతావాటి పక్కన పెట్టకండి. పుటలు తిప్పి దులిపి, పురుగుంటే గాలి చొరని ప్లాస్టిక్ కవరులో మూసి ఫ్రీజర్‌లో ఓ వారం ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజు బయట వదిలేయండి, లేకపోతే చెమ్మ పడుతుంది. బూజు వాసనుంటే నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది.

వేరే ఊళ్ళో దొరికితే పోస్టు ఖర్చు చూసుకోవాలి. తపాలాశాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి పెట్టింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. నేలమీద వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. చిన్న పుస్తకాలు ఒక్కొక్కటిగా తెప్పించుకునే బదులు నలుగురు కలిసి ఒక పార్సిల్ తెప్పించుకుంటే లెక్క ఎంత తగ్గుతుందో మీరే చూసుకోవచ్చు.

మా అమ్మాయి లెక్క చెప్పి ఆపేస్తాను. ఆత్మకథ చిక్కడపల్లి కార్డు మీద వచ్చింది. నవల యూనివర్సిటీలో, ఇంగ్లీషు పుస్తకం గంట గంటగా. ఈ మూడింటికీ బస్సు చార్జీలు తప్ప ఖర్చు లేదు. మాస్కో నవల మొదటి ఆదివారం దొరికింది, కానీ 96 తరవాత 113 ఉంది, వదిలేశాం. మూడో ఆదివారం మంచి ప్రతి దొరికింది. అతను రెండు వందలన్నాడు, ఇంకో రెండు పుస్తకాలతో కలిపి రెండు వందల నలభైకి ఇచ్చాడు. ఆరు వందల్లో మిగిలింది మూడు వందల అరవై. దాంతో ఆ అమ్మాయి ఒక కొత్త కవి మొదటి పుస్తకాన్ని, ఆయన దగ్గరే, పూర్తి ధర ఇచ్చి కొనుక్కుంది.

మీరు తెచ్చిన పుస్తకాల పేర్లు ఉంటే ఇవ్వండి. కాగితాలు నా దగ్గర ఉన్నాయి, ఇక్కడే చీటీలు రాద్దాం.